సిఫార్సు రాసిన సీనియర్‌కి జవాబు

గుంటూరు, బ్రాడీపేట

చి. మేనకోడలికి,

మీ సీనియర్ అక్క అమెరికా యూనివర్సిటీలకు సిఫార్సు లేఖలు పంపేశానని మెసేజ్ పెట్టిందనీ, ఏమని జవాబివ్వాలో తెలియక రెండు రోజులుగా ఊరుకున్నావనీ మీ అమ్మ చెప్పింది. ఇవాళే రాసెయ్యి. ఆలస్యమయ్యేకొద్దీ మొహమాటం పెరుగుతుంది.

రాసేముందు నువ్వు దరఖాస్తు చేసిన ఐదు యూనివర్సిటీల పోర్టల్స్ తెరిచి చూడు. ఒక్కో యూనివర్సిటీ ఆవిడకి విడిగా లింక్ పంపుతుంది. లేఖ అప్‌లోడ్ చేయడంతో పని అయిపోదు. చాలాచోట్ల నీ తెలివి, కష్టపడే గుణం, రాత ఎలా ఉంటాయో మార్కులేసినట్టు నింపే ఫారం కూడా ఉంటుంది. లెక్చరర్‌గా నేనూ అలాంటివి చాలానే నింపాను, విసుగు పుట్టించే పనే. ‘మీ మేలు జన్మలో మరువను’ అనే బదులు ఆ శ్రమ నీకు తెలుసని ఒక్క ముక్క రాస్తే చాలు.

నాలుగు చోట్ల Received అని, ఒకచోట Pending అని ఉందనుకో. దాన్ని దాచి ఉత్త థ్యాంక్స్ చెప్పావంటే, పనైపోయిందని ఆవిడ నిశ్చింతగా ఉంటుంది, గడువు కాస్తా దాటిపోతుంది. ముందు నువ్విచ్చిన ఈమెయిల్‌లో అక్షరం తప్పుందేమో చూడు. లేకపోతే పోర్టల్‌లోంచే రిమైండర్ పంపి, ఇలా రాయి:

“అక్కా, నమస్తే. మీ మెసేజ్ చూశాను. ఆఫీసు పని ఒత్తిడిలో కూడా ఐదు ఫారాలు విడివిడిగా నింపారు, చాలా థ్యాంక్స్. నాలుగు చేరాయి. ఒకటి మాత్రం ఇంకా Pending అని చూపిస్తోంది, గడువు జనవరి 15. లింక్ ఇప్పుడే మళ్లీ పంపించాను, స్పామ్‌లో పడిందేమో ఒకసారి చూస్తారా? మీరు ఇప్పటికే పంపేసి ఉంటే చెప్పండి, నేనే యూనివర్సిటీకి రాస్తాను. రిజల్ట్స్ రాగానే చెబుతాను.”

అంతే. కాలేజీలో అక్కా అని పిలిచినదానివి, ఇప్పుడు కొత్తగా ‘రెస్పెక్టెడ్ మేడమ్’ అంటే ఆవిడే నవ్వుతుంది.

ఏం రాశారక్కా అని మాత్రం అడగకు. అమెరికాలో 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం, అక్కడ చేరిన విద్యార్థికి తన ఫైల్‌లోని సిఫార్సు లేఖ చూసే హక్కుంది. ఆ హక్కు వదులుకుంటున్నానని దరఖాస్తులో నువ్వే టిక్ పెట్టానన్నావు. చూడనని ఒప్పుకుని, వెనకనుంచి కాపీ అడిగితే ఆవిడకి ఇబ్బంది.

కానుకల సంగతి కూడా మీ అమ్మ ఎత్తింది. చీర పెడదామంటోంది. ఇప్పుడొద్దు. ఫలితాలు రాకముందు ఏమిచ్చినా లేఖకి వెల కట్టినట్టుంటుంది. సీటొచ్చాక గోంగూర పచ్చడి సీసా పట్టుకెళ్లు, కాదనదు.

ఫలితాలు వచ్చాక రెండో మెసేజ్ మర్చిపోకు. నా దగ్గర లేఖలు తీసుకున్న పిల్లల్లో చాలామంది ఎక్కడ చేరారో వేరేవాళ్ల ద్వారా తెలిసేది. రానివి కూడా చెప్పు, ఎక్కడ చేరుతున్నావో, ఎందుకో రెండు మాటల్లో రాయి. ఒక్కటీ రాకపోయినా రాయి. మళ్లీ ఏడాది ప్రయత్నిస్తే లేఖ అడగాల్సింది ఆవిడనే కదా.

ఇట్లు
మీ మావయ్య