జనవరి ఫొటో, జూన్ ఫొటో

తమ్ముడూ,

మీ రూమ్‌మేట్ జిమ్‌కెళ్లి మారిన తీరు మీద నువ్వు రాసిన రెండు పేజీలు, అతని ఫొటోలు రెండూ చూశాను. అతన్ని అడిగాకే నాకు పంపావట, మంచి పని చేశావు. ఇక రాతలోకి వద్దాం. "జనవరిలో బానపొట్టతో ఉన్నవాడు జూన్‌కల్లా చెక్కిన శిల్పంలా తయారయ్యాడు" అని మొదలుపెట్టావు. అందులో నువ్వు కళ్లతో చూసింది ఒక్కటీ లేదు. ఒక వెక్కిరింత, ఒక పొగడ్త, అంతే.

ఫొటోలు పక్కపక్కన పెట్టు. జనవరిది బాత్రూమ్ అద్దంలో తీసుకున్నాడు, ఎదురుగా ట్యూబ్‌లైట్, పొట్ట వదిలేసి నిలబడ్డాడు. జూన్‌ది జిమ్‌లో ఎవరో తీశారు, నెత్తిమీద లైటు, కాస్త పక్కకి తిరిగి ఉన్నాడు, ముంజేతి మీద నరాలు తేలాయి కాబట్టి వర్కౌట్ అయిన వెంటనే తీసినట్టుంది. వెలుతురు ఎదురుగా పడితే కండల మధ్య పల్లాలు చెరిగిపోతాయి, అదే పైనుంచి పడితే ప్రతి ఉబ్బు కింద ఒక నీడ గీత పడి, ఉన్న కటింగ్ రెట్టింపు కనిపిస్తుంది. దానికి తోడు పంప్ ఒకటి, సెట్లు కొట్టాక కండలోకి రక్తం చేరి కాసేపు ఉబ్బి ఉంటుంది, తర్వాత దిగిపోతుంది. నమ్మకం కలగకపోతే నీ మీదే చేసి చూడు. నేను ఒకే సాయంత్రం పుష్-అప్స్‌కి ముందు వరండాలో ఒకటి, తర్వాత హాల్లో బల్బు కింద ఒకటి తీసుకున్నాను. మా ఆవిడ రెండోది చూసి ఇది పెళ్లికి ముందుదా అంది.

మరి ఆరు నెలల్లో ఏమీ మారలేదా అంటే, మారింది. నీడల్ని వదిలేసి ఒంటి అంచు వెంబడి చూపు నడిపించు. అంచు లైటుకి అంతగా లొంగదు (పోజుకి లొంగుతుంది, దాని సంగతి చెప్తాను). జనవరిలో మెడ పక్క నుంచి మోచేతి దాకా ఒకటే వాలు. జూన్‌లో భుజం చివర గుండ్రంగా బయటికొచ్చి, అది చేతిలో కలిసేచోట చిన్న నొక్కు పడింది. అది నిజంగా పట్టిన కండే అని నా అంచనా, ఎందుకంటే పంప్ ఉబ్బిస్తుందే గానీ వాలుని అంతగా మార్చదు. నడుము మాత్రం ఫొటో చూసి రాయకు. కాస్త పక్కకి తిరిగితే చాలామంది నడుము సన్నగా కనిపిస్తుంది, జూన్‌లో షార్ట్స్ కూడా బొడ్డు మీదికి లాగి కట్టాడు. దానికి టేపు ఉందిగా, బొడ్డు దగ్గర 38 అంగుళాలు 35 అయిందని నువ్వే ఎక్కడో మూలన రాశావు, బరువు 81 కిలోల నుంచి 80కి వచ్చిందని కూడా. అసలు కబురు అది, దాన్ని పైకి తీసుకురా. "కొవ్వు 12 శాతానికి దిగింది" అన్నది కొట్టెయ్, ఫొటో చూసి శాతం చెప్పడం చిలక జోస్యం.

ఇలా రాయొచ్చు: "భుజాలు గుండ్రంగా తేలాయి, చొక్కా కుట్టు ఇప్పుడు భుజం మీదే ఆగుతోంది. బరువు కిలో మాత్రమే తగ్గినా నడుము మూడు అంగుళాలు తగ్గింది. పొట్ట మీద గీతలు జూన్ ఫొటోలో కనిపిస్తున్నాయి, అక్కడ లైటు పైనుంచి పడుతోంది." చొక్కా సంగతి మాత్రం అతన్ని అడిగి నిజమైతేనే ఉంచు.

మాటల దగ్గర మన తెలుగు కాస్త ప్రమాదం. "చిక్కిపోయాడు" అంటే జబ్బుపడి లేచాడనిపిస్తుంది, "ఒళ్లు చేశాడు" అంటే లావయ్యాడని. "కండ పట్టింది", "నడుము తగ్గింది" అంటే ఎవరూ నొచ్చుకోరు. "ఇంకా" అనే మాట ఇంకా గడుసుది, "ఛాతీ ఇంకా రాలేదు" అన్నావంటే అతను మిగతా పేజీ చదవడు. ఒకప్పుడు బాగా బరువు తగ్గిన ఒకాయన గురించి రాస్తూ వేలాడే చర్మం సంగతి కూడా పెట్టాను, అబద్ధమేం కాదు, కానీ ఆయన అడిగింది కాదు. అచ్చయ్యాక ఆయన ఫోన్ చేసి "అది కూడా కావాలా సార్" అన్నారు, నా దగ్గర జవాబు లేకపోయింది. చర్మం, చారలు, ఛాతీ దగ్గరి కొవ్వు, ఇవి అతనే చెప్పమంటే తప్ప ముట్టుకోకు. జనవరి మనిషిని కూడా జూన్ మనిషి చదువుతాడని గుర్తుంటే "బానపొట్ట" దానంతటదే పోతుంది.

ఇంకోటి. కుడి చెయ్యి ఎడమ దానికంటే బాగా పెరిగిందని రాశావు. జనవరిది అద్దంలో ఫొటో, కుడిఎడమలు తారుమారై ఉంటాయి. జూన్‌ది నేరుగా తీసింది. అంటే నువ్వు ఒక చెయ్యిని ఇంకో చెయ్యితో పోల్చావేమో. అతను వాచీ ఏ చేతికి పెట్టుకుంటాడో కనుక్కుని ఆ పేరా తిరగరాసి పంపు.

మీ అన్న