ఆదివారం మాత్ర రోజూ వేశారు: ఆ పొరపాటును ఎలా రాసివ్వాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది విశాఖపట్నం గాజువాక. అమ్మకు 62 ఏళ్ళు. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాముల మాత్ర ప్రతి ఆదివారం ఒకటి వేసుకుంటుంది. జ్వరం వస్తే ఒక నర్సింగ్ హోంలో చేర్చి, శనివారం ఇంటికి తెచ్చాం. డిశ్చార్జి కాగితంలో ఆ మాత్ర రోజూ ఉదయం అని ఉంది. ఏడు రోజులు అలాగే వేశాం. నిన్నటి నుంచి నోట్లో పుళ్ళు, అన్నం మింగలేకపోతోంది. వాళ్ళను అడిగితే “డోసు కొంచెం తేడా పడింది, ఆపేసి ఫోలిక్ యాసిడ్ వేయండి” అన్నారు. రాసివ్వమంటే ఏమి రాయాలో మీరే చెప్పండి అంటున్నారు. ఏమి రాయించుకోవాలి?

జవాబు: కాగితం రేపు రాయించుకోవచ్చు. అమ్మగారిని మాత్రం ఈ రోజే ఆసుపత్రిలో చేర్చండి. కేజీహెచ్ అయినా సరే, ఐసీయూ, రక్తనిధి ఉన్న మరొకటైనా సరే. నోటిపూత ఈ మందు మోతాదు మించిందనడానికి తొలి గుర్తుల్లో ఒకటి. దీని వెనకే రక్తకణాలు పడిపోవచ్చు. వెళ్ళేటప్పుడు డిశ్చార్జి కాగితం, మిగిలిన మాత్రల స్ట్రిప్పు పట్టుకెళ్ళండి. పది మాత్రల స్ట్రిప్పులో మూడే మిగిలితే ఏడు లోపలికి వెళ్ళాయని ఎవరూ వాదించనక్కరలేదు.

ఫోలిక్ యాసిడ్ సలహా ఇక్కడ చాలదు. మన శరీరం ఫోలిక్ యాసిడ్‌ను వాడుకునే దారినే మెథోట్రెక్సేట్ మూసేస్తుంది. మూసిన ఆ దారిని దాటి పనిచేసేది ల్యూకోవోరిన్ అనే విరుగుడు. ఎంత ఆలస్యమైతే దాని ఫలితం అంత తగ్గుతుంది. మోతాదు అక్కడి వైద్యులు నిర్ణయిస్తారు.

ఇక ఉత్తరం. చాలామంది దీన్ని క్షమాపణ పత్రం అనుకుంటారు. నా దృష్టిలో అది ముందు వైద్య పత్రం. అర్ధరాత్రి క్యాజువాలిటీలో అమ్మగారిని చూసే డ్యూటీ డాక్టరు కూడా దాన్ని చదువుతారు. “కొంచెం తేడా” అనే మాట ఆయనకు ఎందుకూ పనికిరాదు. ఆయనకు అంకెలు కావాలి. అందుకే ఇలా రాయమనండి:

“అమ్మగారికి, కుటుంబసభ్యులకు. మీరు వారానికి ఒకసారి వేసుకోవలసిన మెథోట్రెక్సేట్ 15 మి.గ్రా. మాత్రను మా డిశ్చార్జి కాగితంలో రోజూ ఉదయం అని తప్పుగా రాశాం. ఆదివారం నుంచి శనివారం వరకు ఒక మాత్ర, అంటే 15 మి.గ్రా. వేసుకోవలసింది, ఏడు మాత్రలు, 105 మి.గ్రా. వేసుకున్నారు. తప్పు మాది, మీరు మేము రాసినట్టే చేశారు. క్షమించండి. ఈ మందు ఎక్కువైతే నోటిపూత, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తగ్గడం, కిడ్నీ, కాలేయం దెబ్బతినడం జరగవచ్చు.”

“తప్పు మాది” అన్న మాటను మేనేజర్లు కొట్టేసి “అసౌకర్యానికి చింతిస్తున్నాం” అని పెడతారు. ఒప్పుకోకండి. మాత్రలు అందించిన మీకు, అమ్మను నేనే పాడుచేశానా అన్న బెంగ ఉండనే ఉంటుంది. ఆ బెంగ పోయేది “మేము రాసినట్టే చేశారు” అన్న వాక్యంతోనే.

కారణం గురించి తెలిసినంతే రాయాలి. కంప్యూటర్‌లో అన్ని మందులకూ 1-0-1, 1-0-0 గడులే ఉండి, వారానికోసారి అన్న గడి లేకపోవడం వల్ల జరిగిందా? పాత చీటీలోని “ఆదివారం” చూడకుండా టైపు చేశారా? ఇంకా తేలకపోతే “విచారిస్తున్నాం, ఫలానా తేదీకి చెబుతాం” అని రాస్తే చాలు. నర్సు మీదకు నెట్టేసిన ఉత్తరాన్ని నేనైతే నమ్మను.

తరువాతి భాగం తేదీలతో ఉండాలి. రక్తకణాల లెక్క, క్రియాటినిన్, కాలేయ పరీక్షలు ఈ రోజు, మళ్ళీ ఏ ఏ రోజుల్లో, ఖర్చు ఎవరిది. మొదటి రోజు కౌంటు బాగున్నా నాలుగు రోజుల తరువాత పడిపోవచ్చు. ఒక్క రిపోర్టు చూసి ఇంటికి పంపేస్తే, మళ్ళీ పరీక్ష ఎప్పుడని అడగండి. రక్తంలో ఈ మందు మట్టం తక్కువగా కనిపించినా ప్రమాదం తప్పిందని కాదు. జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, చిగుళ్ళ నుంచి రక్తం వచ్చినా, మూత్రం తగ్గినా ఏ నంబరుకు ఫోను చేయాలో రాయాలి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు, కోట్రైమాక్సజోల్ అనే యాంటిబయాటిక్ ఇవ్వకూడదని కూడా ఉండాలి, అవి ఈ విషాన్ని పెంచుతాయి. మెథోట్రెక్సేట్ మళ్ళీ మొదలుపెట్టాలా వద్దా అన్నది కీళ్ళ డాక్టరే చెప్పాలి, అదీ కౌంట్లు కోలుకున్నాకే.

ఉత్తరం చేతికిచ్చే ముందు అమ్మగారికి చదివి వినిపించమనండి, సంతకం డాక్టరుదే కావాలి. దానితోపాటు “మాకు ఏ ఫిర్యాదూ లేదు” అన్న కాగితం పెడితే సంతకం చేయకండి, అది వేరే విషయం. కేసు షీటు కాపీ కూడా రాతపూర్వకంగా అడగండి. 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి.