సెలైన్ ఎక్కించాక హిమోగ్లోబిన్ ఎందుకు తగ్గింది?

ప్రశ్న: మా అమ్మకు 46 ఏళ్లు. ఎండలకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆసుపత్రిలో చేర్చాం. చేరిన రోజు హిమోగ్లోబిన్ 12.2 ఉంది, సెలైన్లు ఎక్కించాక రెండో రోజు 10.4 వచ్చింది. లోపల ఎక్కడైనా రక్తం పోతోందేమోనని టెన్షన్‌గా ఉంది. రెండు రిపోర్టులూ పంపుతున్నాను.

జవాబు: రిపోర్టులు చూశాను. నా అంచనాలో అమ్మగారి అసలు లెక్క రెండోదే, మొదటిది ఒంట్లో నీళ్లు తగ్గడం వల్ల ఎక్కువగా కనిపించింది. హిమోగ్లోబిన్ పరీక్ష ఒంట్లో మొత్తం ఎంత ఉందో చెప్పదు, ఒక డెసిలీటర్ రక్తంలో ఎన్ని గ్రాములుందో చెబుతుంది, అంతే. వాంతులు, విరేచనాల్లో పోయేది నీళ్లూ లవణాలూ, ఎర్రకణాలు కావు. చారు మరిగి ఇగిరిపోతే ఉప్పెక్కినట్టు ఉంటుంది కదా, ఇదీ అంతే.

లెక్క వేసి చూద్దాం. ఆమె ఒంట్లో మామూలుగా 4 లీటర్ల రక్తం ఉంటుందనుకోండి. 10.4 చొప్పున మొత్తం హిమోగ్లోబిన్ 416 గ్రాములు. అందులోంచి సుమారు 600 మి.లీ. ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, తగ్గితే అదే 416 గ్రాములు 3.4 లీటర్లలో సర్దుకుంటాయి, అప్పుడు రీడింగ్ 12.2 వస్తుంది. రక్తంలో ఎర్రకణాల శాతం చెప్పే హెమటోక్రిట్ కూడా నీళ్లు తగ్గితే అలాగే పెరుగుతుంది, మీ రిపోర్టుల్లో సెలైన్ ఎక్కించాక 37 నుంచి 31కి దిగింది చూడండి. ఆడవాళ్లకు 12 దాటితే రక్తహీనత లేదంటాం కాబట్టి మొదటి రిపోర్టు ఒక్కటే చూసి ఉంటే ఈ సమస్య బయటపడేదే కాదు.

నాకు అనుమానం వచ్చింది ఎంసీవీ దగ్గర. అది ఒక్కో ఎర్రకణం సైజు, ఇలాంటి మామూలు డీహైడ్రేషన్‌తో పెద్దగా మారదు. రెండు రిపోర్టుల్లోనూ 71 ఉంది, కనీసం 80 ఉండాలి. అంటే కణాలు ముందునుంచే చిన్నవి, ఎక్కువమందిలో దీనికి కారణం ఐరన్ లోపం, కొందరిలో పుట్టుకతో వచ్చే తలసేమియా ట్రెయిట్. ప్లాస్మాలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కూడా 5.1 నుంచి 4.2కి దిగింది, ప్లాస్మా పలచబడిందనడానికి అదో ఆధారం. అయితే రక్తం పోయినచోట సెలైన్ ఎక్కించినా ఆల్బుమిన్ తగ్గుతుంది కాబట్టి ఇదొక్కటే చూసి రక్తస్రావం లేదని చెప్పేయలేం.

అందుకే మలం తారులా నల్లగా ఉన్నా, అందులో రక్తం కనిపించినా, నీరసంతో నాడి వేగంగా కొట్టుకుంటున్నా, ఒంట్లో నీళ్లు సర్దుకున్నాక కూడా హిమోగ్లోబిన్ ఇంకా దిగుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందేమో అమ్మగారిని అడగండి, అడిగితే తప్ప చాలామంది చెప్పరు.

ఇంటికొచ్చి, మామూలుగా తిని తాగడం మొదలుపెట్టిన రెండు వారాలకు సీబీపీ, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ చేయించండి. ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెర్రిటిన్ ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తుంది కాబట్టి ఇప్పుడే వద్దు. ఈలోగా ఆసుపత్రిలోనే మళ్లీ రక్తం తీయాల్సి వస్తే సెలైన్ పెట్టిన చేతి నుంచి తీయవద్దని చెప్పండి, ఆ నీళ్లు కలిస్తే హిమోగ్లోబిన్ లేనిపోని తక్కువ చూపిస్తుంది.