కస్టమర్ మాటను పోస్టుగా మార్చేటప్పుడు

ప్రశ్న: ఆన్‌లైన్‌లో వ్యాయామ తరగతులు నడిపే సంస్థలో సోషల్ మీడియా ఇంటర్న్‌గా చేరాను. కస్టమర్లు వాట్సాప్‌లో పంపిన మెచ్చుకోళ్లను పోస్టులుగా మార్చమన్నారు. ఉన్నదున్నట్టు పెడితే చప్పగా ఉందంటున్నారు. పెంచి రాయడానికి నాకు మనసొప్పడం లేదు, వాళ్ల వివరాలు బయటపడతాయేమోనన్న భయమూ ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: చప్పదనం పోవాలంటే పొగడ్తను వదిలి, సందేశంలో ఉన్న నిర్దిష్టమైన వివరాన్ని పట్టుకోండి. ఒకామె ఇలా రాశారనుకుందాం: "తరగతులు చాలా బాగున్నాయి. డాక్టర్ ఇచ్చిన మందులతోపాటు మూడు నెలలుగా మీ వ్యాయామాలు చేస్తున్నాను. మోకాలి నొప్పి చాలావరకు తగ్గింది. ఇప్పుడు రెండో అంతస్తుకు ఆగకుండా ఎక్కుతున్నాను."

దీన్ని "మూడు నెలల్లో మోకాలి నొప్పి మాయం!" అని మార్చేవారు చాలామందే ఉంటారు. అందులో "చాలావరకు" అన్న మాట ఎగిరిపోయింది. అంతకంటే పెద్ద తప్పేమిటంటే, మందుల ప్రస్తావన తీసేయడంతో ఫలితమంతా తరగతుల ఖాతాలో పడింది, దాన్ని నమ్మి ఎవరైనా మందులు మానేసే ప్రమాదమూ ఉంది. మీరు "తరగతులు చాలా బాగున్నాయి" అన్న వాక్యాన్ని తీసేసి, చివరి వాక్యాన్ని పైకి తెచ్చి, దాని కిందే మందుల మాటతో సహా మిగతాది ఉంచండి. కుదించవచ్చు కానీ చేర్చకూడదు, కుదింపు వల్ల అర్థం మారకూడదు. రుసుములో తగ్గింపు ఇచ్చి రాయించుకున్న అభిప్రాయమైతే ఆ సంగతి పోస్టులోనే కనిపించాలి.

ఇక గోప్యత. మెచ్చుకుంటూ సందేశం పంపడం వేరు, దాన్ని ప్రకటించడానికి ఒప్పుకోవడం వేరు. పైగా ఇది ఆరోగ్యానికి సంబంధించిన విషయం. కాబట్టి తయారైన పోస్టునే ఆమెకు పంపి, ఈ మాటలు, ఈ పేరు లేదా పేరు లేకుండా, ఈ ఖాతాలో, డబ్బు కట్టి వేసే ప్రకటనలో కూడా వాడవచ్చా అని విడివిడిగా అడగండి. వద్దనుకున్నప్పుడు తీసేస్తామని కూడా చెప్పి, ఆమె జవాబును అసలు సందేశంతోపాటు భద్రపరచండి.

పేరు తీసేసినంత మాత్రాన మనిషి దాగరు. వృత్తి, ఊరు, వయసు ఒకే పోస్టులో చేరితే పరిచయస్తులు ఇట్టే పోల్చుకుంటారు. ఆమె అదే వాక్యాన్ని బహిరంగ సమీక్షగా కూడా రాసి ఉంటే, దాన్ని వెతికితే పేరు దొరికిపోతుంది. స్క్రీన్‌షాట్ల మీద ఫోన్‌లోని మార్కర్‌తో గీసిన గీత కింద అంకెలు, వెలుతురు పెంచితే కనిపించవచ్చు. అందుకే స్క్రీన్‌షాట్ మానేసి, మాటలను కొత్త డిజైన్‌లో టైప్ చేయమంటాను. నిజమైన సంభాషణలా కనిపించే నకిలీ చాట్ బొమ్మ మాత్రం తయారు చేయకండి.

రేపు ఉద్యోగాలకు మీ పోర్ట్‌ఫోలియోలో ఈ పనిని చూపించాలనుకుంటారు. సంస్థకు ఆమె ఇచ్చిన అనుమతి మీ వ్యక్తిగత వాడకానికి వర్తించదు కాబట్టి, ఆమె నుంచీ సంస్థ నుంచీ విడిగా అనుమతి తీసుకోండి, లేదంటే కల్పిత సందేశంతో నమూనా చేసి, అది కల్పితమని అక్కడే రాయండి.