లాడ్జిలో బొద్దింకల మందు కొట్టించే రోజు నోటీసు

ప్రశ్న: నల్గొండ బస్టాండు దగ్గర మాకు చిన్న లాడ్జి, కింద టిఫిన్ సెంటర్ ఉన్నాయి. శనివారం రాత్రి బొద్దింకల మందు కొట్టిస్తున్నాం. అతిథులకూ వంటవాళ్లకూ ఏమని నోటీసు పెట్టాలి?

జవాబు: ముందుగా మందు కొట్టించే రోజును మార్చండి. శనివారం సాగర్ చూడటానికి వచ్చేవాళ్లతో గదులు నిండుతాయి. మహబూబ్‌నగర్‌లోని మా లాడ్జిలో మంగళవారమే పెట్టుకుంటాం. పెట్టేది జెల్లా, పిచికారీ చేసే మందా అన్నది కూడా అడగండి. జెల్ అయితే తలుపు కీలుల్లో, అరల మూలల్లో చుక్కలు పెట్టి వెళ్తారు, వంటిల్లు ఖాళీ చేయనక్కర్లేదు. ఆ చుక్కలను తుడవకూడదు, వాటి దగ్గర వేరే మందు కొట్టకూడదు. కొడితే బొద్దింకలు జెల్‌ను ముట్టవు. కింద రాసినదంతా పిచికారీ గురించి.

ఒకే కాగితం ఇద్దరికీ సరిపోదు. అతిథుల కోసం మేము గది తలుపుకు ఒకరోజు ముందే ఇలా అంటిస్తాం: “రేపు మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు ఈ గదిలో బొద్దింకల మందు కొడతారు. బ్రష్షు, నీళ్ల సీసా, తినుబండారాలు, పాలసీసా వెంట తీసుకెళ్లండి. ఉబ్బసం ఉన్నవారు, గర్భిణులు, పసిపిల్లలు ఉంటే కౌంటర్‌లో చెప్పండి, మందు కొట్టని గది ఇస్తాం.” కింద మందు పేరు రాస్తాం. ఎవరికైనా ఇబ్బంది కలిగితే డాక్టర్ మొదట అడిగేది అదే. గాలి ఆడి నేల పూర్తిగా ఆరేదాకా గది తెరవనివ్వం. ఎంతసేపన్నది మందు డబ్బా మీద చూసి సమయం సరిచేసుకోండి. కౌంటర్‌లో చేపల తొట్టి ఉంటే బయటికి తీయించండి. ఇళ్లలో వాడే చాలా మందులు చేపలకు విషం.

వంటింటి నోటీసులో అసలు చిక్కు ఇడ్లీ, దోసె పిండి. రాత్రి గుడ్డ కట్టి పులియబెట్టడం మనవాళ్ల అలవాటు. మందు తుంపర గుడ్డలోంచి దిగుతుంది. మూత బిగించి పై గదిలో పెట్టవచ్చు గానీ, ఎండాకాలంలో పిండి పొంగి మూత తోసుకుంటుంది. అందుకే మరుసటి రోజు మేము ఉప్మా, పూరీ మాత్రమే చేస్తాం. రవ్వ, గోధుమపిండి మూతలున్న డబ్బాల్లో భద్రంగా ఉంటాయి. దోసె లేదని నోటీసులో ముందే రాయండి, పొద్దున గొడవ ఉండదు.

మిగతాది గడియారం ప్రకారం. రాత్రి 10 గంటలకు పొయ్యిలు ఆర్పి, సిలిండర్ వాల్వు కట్టేయాలి. 10:30 కల్లా మిగిలిన కూర, సాంబారు బయటికి. గరిటెలు, కత్తిపీట, చపాతీ పీట, ప్లేట్లు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి బయట పెట్టాలి. 11కు మందు, తర్వాత తాళం. పొద్దున 4కు కిటికీలు తెరిచి, ఎగ్జాస్ట్ ఫ్యాను వేసి, వాసన పోయాక గట్టు, పెనం, గ్రైండర్ సబ్బుతో కడగాలి. గోడల అంచులు, సింకు కింద మాత్రం కడగవద్దు, మందు పనిచేసేది అక్కడే. ఏదైనా మూత లేకుండా మిగిలిపోతే పారబోయాల్సిందే, వేడిచేస్తే సరిపోతుందన్న వాదన వినకండి.

రెండు మూడు వారాల్లో పిల్ల బొద్దింకలు కనిపిస్తే మందు నకిలీదని అనుకోవద్దు. గుడ్ల సంచిలోకి మందు సరిగా దిగదు. అందుకే రెండో విడత తేదీ కూడా అదే నోటీసులో వేయండి.