రాజీనామా తెలుగులోనా, ఇంగ్లిష్‌లోనా?

ప్రశ్న: నేను పరకాల దగ్గర ఒక గ్రామ పంచాయతీ కార్యదర్శిని. డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్‌గా ఎంపికయ్యాను. రాజీనామా తెలుగులో రాసుకున్నా. ఆఫీసులో ఇంగ్లిష్‌లో ఇస్తేనే తీసుకుంటామంటున్నారు. నిజమేనా? మా తమ్ముడు హనుమకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రి బిల్లింగ్‌లో చేస్తున్నాడు, వాడూ మానేస్తున్నాడు. వాడు ఏ భాషలో ఇవ్వాలి?

జవాబు: నిజం కాదు. తెలుగు మన రాష్ట్ర అధికార భాష. 1966 నాటి అధికార భాషా చట్టమే తెలంగాణలోనూ నడుస్తోంది, 2017లో సవరించి ఉర్దూను రెండో అధికార భాష చేశారు. కాబట్టి తెలుగులో ఉందన్న కారణంతో రాష్ట్ర ప్రభుత్వ కార్యాలయం మీ రాజీనామాను తిప్పి పంపకూడదు. అయితే సర్వీసు వ్యవహారాల ప్రొసీడింగ్స్ ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే తయారవుతాయి. మీ కాగితం కూడా ఇంగ్లిష్‌లో ఉంటే సెక్షన్‌లో నోట్ రాసేవారికి పని తేలిక. మిమ్మల్ని అడుగుతున్నది బహుశా అందుకే.

మీ విషయంలో భాష కంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. ఇంగ్లిష్‌లో ఇవ్వమనగానే చాలామంది కలెక్టరేట్ దగ్గర టైపు చేసే జిరాక్స్ సెంటర్‌కు వెళ్తారు, లేదా నెట్‌లో దొరికిన నమూనాలో పేరు మార్చి సంతకం పెడతారు. ఆ నమూనాలు ప్రైవేటు ఉద్యోగాల కోసం రాసినవి. అందులో దాదాపు ఎప్పుడూ రెండు మాటలుంటాయి: వ్యక్తిగత కారణాల వల్ల, తక్షణమే అమలయ్యేలా. ప్రభుత్వ ఉద్యోగం నుంచి ఇంకో ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్తున్న మీకు ఈ రెండూ నష్టమే.

ఎందుకంటే మామూలు రాజీనామా చేస్తే అప్పటిదాకా చేసిన సర్వీసు పోతుంది. 1980 నాటి సవరించిన పెన్షన్ నిబంధనలు ఇదే చెబుతాయి, మినహాయింపు కూడా అక్కడే ఇస్తాయి: సరైన అనుమతితో ఇంకో ప్రభుత్వ ఉద్యోగంలో చేరడానికి చేసే రాజీనామాకు ఆ నష్టం వర్తించదు. దీన్నే ఆఫీసుల్లో టెక్నికల్ రెజిగ్నేషన్ అంటారు. మీరు సీపీఎస్‌లో ఉన్నారు కదా, పెన్షన్ సంగతి ఎందుకనుకోవచ్చు. కొత్త పోస్టులో జీతం స్థిరీకరించేటప్పుడు, సెలవుల నిల్వ కలిపేటప్పుడు కూడా మీరు వదిలింది మామూలు రాజీనామాతోనా, దీనితోనా అని చూస్తారు. మీ కాగితంలో వ్యక్తిగత కారణాలని ఉంటే ఆమోద ఉత్తర్వులోకీ అదే ఎక్కుతుంది. రేపు డీఈఓ ఆఫీసు మీ రాజీనామా లేఖను చదవదు, ఆ ఉత్తర్వునే చదువుతుంది.

అందుకే నా సలహా: ప్రతి వాక్యం మీకు పూర్తిగా అర్థమయ్యే భాషలో రాయండి. మీకది తెలుగైతే తెలుగే. ఉత్తర్వుల నంబర్లు, హోదాల పేర్లు మాత్రం మీ నియామక పత్రంలో ఎలా ఉన్నాయో అలాగే దించండి, సొంతంగా అనువదించకండి. పేరు సర్వీసు రిజిస్టర్‌లో ఉన్నట్టే, ఇంటిపేరు ముందుంటే ముందే రాయాలి. విషయం, ముఖ్య వాక్యం ఇలా ఉంటే సరిపోతుంది:

విషయం: గ్రేడ్-4 పంచాయతీ కార్యదర్శి పోస్టుకు టెక్నికల్ రెజిగ్నేషన్, స్కూల్ అసిస్టెంట్ పోస్టులో చేరేందుకు రిలీవ్ చేయవలసిందిగా వినతి.

సూచిక: 1. నా నియామక ఉత్తర్వు నంబరు, తేదీ. 2. డీఎస్సీకి దరఖాస్తు చేసేందుకు ఇచ్చిన అనుమతి నంబరు, తేదీ. 3. స్కూల్ అసిస్టెంట్ నియామక ఉత్తర్వు నంబరు, తేదీ.

‘సూచిక 2లోని అనుమతితో దరఖాస్తు చేసి, సూచిక 3 ప్రకారం ప్రభుత్వ పాఠశాలలో నియమితురాలినైనందున, ఆ పోస్టులో చేరే నిమిత్తమే ప్రస్తుత పోస్టుకు రాజీనామా సమర్పిస్తున్నాను. ఫలానా తేదీ మధ్యాహ్నం నుంచి రిలీవ్ చేసి, గత సర్వీసు కొనసాగేలా ఉత్తర్వులు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.’

సూచిక 2 మీ దగ్గర లేకపోతే ఆ మాట రాయకండి. అనుమతి లేకుండా పరీక్ష రాసి ఉంటే కాగితం ఇవ్వకముందే డీపీఓ ఆఫీసు సూపరింటెండెంట్‌తో ఆ సంగతి తేల్చుకోవాలి. లేని అనుమతిని ఉన్నట్టు రాస్తే రాజీనామా కాస్తా క్రమశిక్షణ కేసవుతుంది.

లేఖను మీ నియామక పత్రం మీద ఎవరి సంతకముందో ఆ అధికారి పేరున రాసి, ఎంపీడీఓ ద్వారా పంపాలి. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. తెలుగు కాగితం తీసుకోబోమని మొండికేస్తే గొడవ పడకండి. స్పీడ్ పోస్టులో పంపి, డెలివరీ అయినట్టు చూపే ట్రాకింగ్ పేజీ ప్రింట్ ఉంచుకోండి. సోమవారం ప్రజావాణిలో ఇచ్చి వద్దామనుకోకండి, అది అర్జీల దారి, మీ ఫైలు అక్కడ మొదలవదు. ఒకవేళ ఆఫీసును కాదనలేక ఇంగ్లిష్ ప్రతి కూడా ఇస్తే, అది తెలుగు లేఖకు అనువాదమేనని అందులో ఒక వాక్యం రాసి, తేదీలు రెండింటిలో ఒకేలా ఉంచండి. కారణాలు తేడాగా ఉన్న రెండు కాగితాలు ఫైల్లో పడితే ఏది చెల్లుతుందో ఫైలు చూసే మనిషి ఇష్టం.

ఆమోదం, రిలీవింగ్ రెండూ చేతికొచ్చేదాకా విధులు మానకండి. చార్జి లిస్టులో నగదు పుస్తకం, రికార్డులు, డిజిటల్ సంతకం కీ అప్పగించినట్టు ఎవరు తీసుకున్నారో వారి సంతకం ఉండాలి. ఆమోద ఉత్తర్వు అందగానే చదవండి. అందులో కొత్త పోస్టు ప్రస్తావన లేకుండా ఉత్త రాజీనామా అని ఉంటే, రిలీవ్ కాకముందే సవరణ ఉత్తర్వు అడగండి. చేరాక అడిగితే రెండు శాఖల మధ్య తిరగాలి.

మీ తమ్ముడి సంగతి వేరు. అతను ఇంగ్లిష్‌లోనే ఇవ్వడం మంచిది. ఆస్పత్రి హెచ్ఆర్, తర్వాతి యజమాని, పాత ఉద్యోగం వివరాలు సరిచూసే ఏజెన్సీ, అందరూ ఆ కాగితాల్నే చూస్తారు, వారిలో చాలామంది హైదరాబాద్‌లోనో బయటో ఉంటారు. ఎనుమాముల మార్కెట్లో ఒక పత్తి వ్యాపారి దగ్గర లెక్కలు రాసేవాడైతే తెలుగులోనే ఇవ్వమనేవాణ్ని, ఎందుకంటే అక్కడ చదివేది, సంతకం పెట్టేది ఆ యజమానే.

అతని లేఖలో కారణం అక్కర్లేదు, తేదీ కావాలి. నియామక పత్రంలో నోటీసు 30 రోజులని ఉంటే, జూన్ 2న ఇచ్చి ఆ రోజును వదిలి లెక్కిస్తే చివరి పని దినం జూలై 2. ఆ తేదీనే అంకెల్లో రాయాలి. ‘ఒక నెల తర్వాత’ అని రాస్తే చివరి జీతం దగ్గర రెండు రోజుల పంచాయితీ వస్తుంది. పేరు ఆధార్‌లోనూ పీఎఫ్ యూఏఎన్‌లోనూ ఉన్న స్పెల్లింగ్‌తోనే ఉండాలి. ఆస్పత్రి పీఎఫ్ పోర్టల్లో మానేసిన తేదీ నమోదు చేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత అతనే తన లాగిన్‌లో Manage కింద Mark Exit నొక్కి ఆ తేదీ నింపుకోవచ్చు. అప్పుడు నింపే తేదీ రాజీనామా లేఖలోని చివరి పని దినంతో కలవాలి.