40 అడుగుల వీధిలో లేన్‌కి ఎంత, ఫుట్‌పాత్‌కి ఎంత వదలాలి?

"గుంటూరు దగ్గర మా లేఅవుట్‌లో 40 అడుగుల రోడ్డు వేస్తున్నారు. లేన్ వెడల్పు, ఫుట్‌పాత్ వెడల్పు ఎంత ఉండాలి? జీబ్రా గీతలకి కొలతలు ఏమిటి? కాంట్రాక్టర్ ఎంత వేస్తే అంతే అన్నట్టున్నాడు."

ముందు ఒక మాట. ప్లాన్‌లో ఉండే 40 అడుగులు అంటే 40 అడుగుల తారు కాదు, ఈ వైపు ప్రహరీ నుంచి ఆ వైపు ప్రహరీ దాకా మొత్తం. అంటే 12.19 మీటర్లు. కాలువ, స్తంభాలు, చెట్లు, ఫుట్‌పాత్ అన్నీ అందులోనే సర్దాలి.

నేను పదకొండేళ్లుగా లేఅవుట్ డ్రాయింగులు వేస్తున్నాను. విజయవాడలో మేముండే వీధి కూడా 40 అడుగులదే. అక్కడ తారు ఏడున్నర మీటర్లు వేసి, మిగిలింది రెండు వైపులా ఫుట్‌పాత్ అన్నారు. కాగితం మీద ఒక్కోవైపు 2.3 మీటర్లు, చాలా బాగుంది. కానీ కార్లు పెట్టుకునే చోటు ఎవరూ గీయలేదు కాబట్టి అవి తారు మీదే ఆగుతాయి, కరెంటు స్తంభాలు ఫుట్‌పాత్ మధ్యలో వచ్చాయి, గేటు గేటుకీ ర్యాంపులు ముందుకొచ్చాయి. నాన్నగారిని వీల్‌చైర్‌లో తీసుకెళ్తుంటే మూడో ఇంటి దగ్గర ఒక చక్రం స్తంభం దిమ్మెకి తగిలేది, రెండోది ర్యాంపు వాలు మీద ఒరిగేది. టేపు పెట్టి చూస్తే దిమ్మెకీ ర్యాంపుకీ మధ్య మిగిలింది 62 సెంటీమీటర్లు. ఆయన్ని రోడ్డు మీదకి దించి, ఆగిన కార్ల పక్కనుంచి తోసుకెళ్లేవాణ్ణి.

అందుకే ఫుట్‌పాత్ మొత్తం వెడల్పు ఎంత అని అడక్కండి, అడ్డం లేకుండా నడిచే వెడల్పు ఎంత అని అడగండి. మన రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, అంటే ఐఆర్‌సీ, తన 103వ ప్రమాణంలో చెప్పే కనీసం 1.8 మీటర్లు ఆ ఖాళీ వెడల్పే, పైన 2.2 మీటర్ల ఎత్తు వరకు కొమ్మలు, బోర్డులు కూడా ఉండకూడదు. రెండు వీల్‌చైర్లు ఎదురైతే తప్పుకోవడానికి ఆ మాత్రం కావాలి. దుకాణాలున్న వీధికి ఇది చాలదు, రెండున్నర దాకా చూసుకోవాలి.

ఇప్పుడు మీ 12.19 మీటర్లు. లేన్ మామూలుగా 3.5 మీటర్లు, కానీ ఇళ్ల మధ్య వీధికి 3 మీటర్లకి ఐఆర్‌సీ ఒప్పుకుంటుంది, బస్సు తిరగని వీధి అయితే నేను 3 మీటర్లే పెడతాను, రోడ్డు ఖాళీగా వెడల్పుగా కనిపిస్తే బైకులు ఆగవు. రెండు లేన్లకి 6 మీటర్లు, ఒక వైపు కార్లకి 2 మీటర్లు, మిగిలింది 4.19. అంటే ఒక్కోవైపు సుమారు 2.1. అందులో ఫుట్‌పాత్ అంచున పెట్టే కెర్బ్ రాయి 15 సెంటీమీటర్లు, గోడ వైపు మరో 15 పోనిస్తే దాదాపు 1.8 మిగులుతుంది. కాలువ ఈ ఫుట్‌పాత్ కిందే వెళ్లాలి, పలకలు నేలకి సమంగా ఉండాలి.

మరి స్తంభాలు ఎక్కడ? కార్లు పెట్టే పట్టీలో. రెండు కార్లకి ఒకసారి చిన్న దిమ్మె కట్టి, స్తంభం, చెట్టు అక్కడే పెట్టించండి. విద్యుత్ శాఖ వాళ్లు స్తంభాలు నాటకముందే ఈ డ్రాయింగ్ వాళ్ల చేతిలో ఉండాలి, నాటాక కదిలించడం ఖర్చు. గేటు ర్యాంపు గేటు లోపలే అని ఇళ్లు మొదలవకముందే రాయించుకోండి.

జీబ్రా దగ్గర ఆ పార్కింగ్ పట్టీని ఆపేసి, ఫుట్‌పాత్‌నే ముందుకి తీసుకురావాలి. దాటాల్సింది 8 కాకుండా 6 మీటర్లే అవుతుంది, ఆగిన కారు చాటు నుంచి పిల్లలు హఠాత్తుగా బయటికి రారు. ఇంకో లాభం, కెర్బ్ ఎత్తు 15 సెంటీమీటర్లకి మించకూడదు, దాన్ని 1కి 12 వాలుతో దించాలంటే 1.8 మీటర్ల పొడవు కావాలి, ముందుకొచ్చిన చోట అది నడిచే దారిని తినకుండా సరిపోతుంది. అవతలి వైపు అంత చోటుండదు కాబట్టి అక్కడ ఫుట్‌పాత్‌నే ముందునుంచి మెల్లగా కిందికి దించుకుంటూ రావాలి.

జీబ్రా పట్టీ 50 సెంటీమీటర్లు, మధ్య ఖాళీ 50. ఆరు మీటర్లకి ఆరు పట్టీలు వేస్తే రెండు అంచుల్లో 25 సెంటీమీటర్ల చొప్పున మిగులుతుంది. స్టాప్ లైన్ 20 సెంటీమీటర్ల వెడల్పుతో, జీబ్రాకి రెండు మూడు మీటర్ల ముందు వేయించండి, ఆనించి వేస్తే బైకులు జీబ్రా మీదే ఆగుతాయి. మధ్య గీత వెడల్పు 10 సెంటీమీటర్లు, ఇంత చిన్న వీధిలో మూలల దగ్గర వేస్తే చాలంటాను. మామూలు పెయింట్ వద్దు, కరిగించి వేసే థర్మోప్లాస్టిక్ రెండున్నర మిల్లీమీటర్ల మందం, గాజు పూసలు చల్లి వేయాలి. రాత్రి బైకు లైటులో మెరవకపోతే పూసలు వేయలేదన్నమాట.

ఇక కాంట్రాక్టర్ సంగతి. కెర్బ్ రాళ్లకి దారం కట్టిన రోజే టేపు పట్టుకుని వెళ్లండి, గోడ నుంచి దారం దాకా 2.1 ఉందో లేదో ప్రతి 20 మీటర్లకి కొలవండి. కాంక్రీటు పోశాక ఎవరూ వెనక్కి జరపరు.